లేఆఫ్ ఎందుకైందో హెచ్‌ఆర్‌కి మెయిల్‌లో ఎలా రాయాలి? నాలుగు వాక్యాలు చాలు.. మిగతాది తీసేయండి

ఇంటర్వ్యూ బాగానే జరిగింది. టెక్నికల్ రౌండ్ కూడా దాటేశారు. మర్నాడు హెచ్‌ఆర్ నుంచి చిన్న మెయిల్ వస్తుంది. "మీరు గత కంపెనీ నుంచి ఎందుకు బయటికొచ్చారో కొంచెం రాసి పంపగలరా?" అని. చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు. నోటితో రెండు ముక్కల్లో చెప్పేసిన విషయమే రాయడానికి కూర్చుంటే పేజీ దాటిపోతుంది. రాసేకొద్దీ పాత కోపం కూడా అందులోకి వచ్చేస్తుంది.

2023 జనవరిలో గూగుల్ ప్రపంచవ్యాప్తంగా సుమారు 12 వేల ఉద్యోగాలు తగ్గిస్తున్నట్టు ప్రకటించింది. 2025 జులైలో టీసీఎస్ తన సిబ్బందిలో దాదాపు 2 శాతం, అంటే 12 వేల మందికి పైగా తగ్గిస్తామని చెప్పింది. కాబట్టి లేఆఫ్ అనే మాట ఇప్పుడు ఏ హెచ్‌ఆర్‌కీ కొత్త కాదు. ఉద్యోగం పోయిందన్న విషయం కంటే, దాన్ని అభ్యర్థి ఎలా రాశాడన్నదే వాళ్లు ఎక్కువగా చూస్తారు. మరి ఆ మెయిల్‌లో ఏం ఉండాలి? ఏం ఉండకూడదు? కాగితాల్లో 'రిజైన్ చేశారు' అని ఉంటే ఏం చేయాలి?

అసలు ఆ మెయిల్ ఎవరు చదువుతారు?

ముందు ఇది తెలుసుకోవాలి. మెయిల్ అడిగింది హెచ్‌ఆరే అయినా, అది అక్కడితో ఆగదు. ఆమె దాన్ని హైరింగ్ మేనేజర్‌కి ఫార్వర్డ్ చేస్తారు. లేదంటే అందులోంచి ఒక లైన్ కాపీ చేసి తన నోట్స్‌లో పెట్టుకుంటారు. తర్వాత బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేసేవాళ్లు పాత కంపెనీని అడిగినప్పుడు, అక్కడి నుంచి వచ్చిన జవాబును ఈ లైన్‌తో పోల్చి చూసే అవకాశం ఉంది.

అంటే ఇంటర్వ్యూలో మిమ్మల్ని చూడనివాళ్లు, మీ గొంతు విననివాళ్లు కూడా దీన్ని చదువుతారు. ఎదురుగా కూర్చుని నవ్వుతూ "ఏముంది మేడం, ఒక్క పూటలో పంపించేశారు" అంటే అది సరదాగానే ఉంటుంది. అదే మాట మెయిల్‌లో ఉంటే నిష్ఠూరంలా కనిపిస్తుంది. నవ్వు మెయిల్‌లో వెళ్లదు కదా.

చదివేవాళ్లకి కావాల్సినవి మూడే మూడు. ఒకటి, ఉద్యోగం పోవడానికి కారణం పనితీరా, క్రమశిక్షణా, లేక కంపెనీ ఆ పోస్టునే తీసేసిందా? రెండు, చెప్పిన తేదీలు కాగితాలతో సరిపోతాయా? మూడు, ఈ మనిషి ఇప్పుడు చేరడానికి సిద్ధంగా ఉన్నాడా, లేక పాత గొడవ ఇంకా మిగిలే ఉందా? ఈ మూడింటికీ జవాబు దొరికితే వాళ్ల పని అయిపోయినట్టే.

ఒక కేసు చూద్దాం

ఉదాహరణకు ఒక సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని అనుకుందాం. హైదరాబాద్‌లోని ఒక ఐటీ సర్వీసెస్ కంపెనీలో నాలుగేళ్లు పనిచేశాడు. విదేశీ క్లయింట్‌కి చెందిన పేమెంట్స్ ప్రాజెక్ట్. జూన్‌లో క్లయింట్ ఆ ప్రాజెక్ట్ ఆపేసింది. 22 మంది టీమ్‌లో 9 మంది పూర్తిగా ఆ ఒక్క ప్రాజెక్టుకే పనిచేస్తున్నారు. ఆ 9 మందినీ తీసేశారు. జూన్ 30 చివరి రోజు. సెప్టెంబర్‌లో కొత్త కంపెనీలో ఇంటర్వ్యూ అయింది. హెచ్‌ఆర్ కారణం రాసి పంపమన్నారు. మామూలుగా ఇలాంటి మెయిల్స్ ఇంగ్లీష్‌లోనే వెళ్తాయి. ఇక్కడ భావం అర్థం కావడానికి తెలుగులో చూద్దాం. అతను మొదట రాసుకున్నది ఇదీ:

"నమస్కారం మేడం. నేను నాలుగేళ్లు ఆ కంపెనీ కోసం రాత్రీ పగలూ పనిచేశాను. ప్రతి ఏడాదీ మంచి రేటింగే వచ్చింది. దురదృష్టవశాత్తూ జూన్‌లో ఎలాంటి సమాచారం లేకుండా ఒక్కసారిగా తీసేశారు. మేనేజర్‌కి దగ్గరగా ఉన్నవాళ్లను మాత్రం వేరే ప్రాజెక్టులకు పంపారు. క్లయింట్ ప్రాజెక్ట్ ఆపేస్తే మేమేం చేస్తాం? మూడు నెలలుగా ఇంట్లోనే ఉన్నాను, ఈఎంఐలు కూడా ఉన్నాయి. దయచేసి ఒక్క అవకాశం ఇవ్వండి."

ఇందులో ఒక్కటి కూడా అబద్ధం కాకపోవచ్చు. అయినా ఈ మెయిల్ అతనికి నష్టమే చేస్తుంది. ఎలాగో చూడండి.

అసలు కారణం క్లయింట్ ప్రాజెక్ట్ ఆపేయడం. అది చివరెక్కడో ప్రశ్న రూపంలో వచ్చింది. అక్కడిదాకా చదివేలోపే హెచ్‌ఆర్ మనసులో "ఏదో జరిగినట్టుంది" అన్న అనుమానం మొదలైపోతుంది. కారణం చెప్పకముందే "మంచి రేటింగే వచ్చింది" అనడం కూడా అంతే. ఎవరూ నింద వేయకముందే సంజాయిషీ ఇచ్చుకున్నట్టుంటుంది.

అన్నింటికంటే ఎక్కువ దెబ్బ కొట్టేది మేనేజర్ గురించి రాసిన వాక్యం. అతను చెప్పాలనుకున్నది అన్యాయం గురించి. కానీ చదివేవాళ్లకి వినిపించేది "ఇతనికీ మేనేజర్‌కీ పడలేదేమో" అని. పైగా ఆ మెయిల్ వెళ్లేది ఇంకో మేనేజర్ దగ్గరికే.

ఇక ఈఎంఐల మాట. కష్టం నిజమే. కానీ అది రాస్తే, జీతం మాట్లాడే రోజున ఎంత తక్కువ ఇచ్చినా ఒప్పుకుంటాడన్న సంగతి ముందే చెప్పేసినట్టవుతుంది.

అదే విషయం నాలుగు వాక్యాల్లో

ఇప్పుడు అవే వివరాలతో రెండో మెయిల్ చూడండి.

"నమస్కారం మేడం. నేను పనిచేసిన పేమెంట్స్ ప్రాజెక్టును క్లయింట్ జూన్‌లో ముగించడంతో, పూర్తిగా దానికే పనిచేస్తున్న 9 మంది పోస్టులను కంపెనీ తీసేసింది; అందులో నాది ఒకటి. నా చివరి పనిదినం జూన్ 30, రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ లెటర్ నా దగ్గర ఉన్నాయి. అప్పటి నుంచి ప్లేరైట్ టూల్‌తో ఆటోమేషన్ ప్రాక్టీస్ చేస్తున్నాను. పేమెంట్స్ టెస్టింగ్‌లో నా నాలుగేళ్ల అనుభవం ఇంటర్వ్యూలో మీ టీమ్ చెప్పిన పనికి దగ్గరగా ఉంది, వెంటనే చేరగలను."

నమస్కారం పక్కనపెడితే నాలుగే వాక్యాలు. మొదటిది కారణం. రెండోది తేదీ, కాగితాలు. మూడోది మధ్యలో ఉన్న ఖాళీ. నాలుగోది కొత్త ఉద్యోగం. ఈ వరుస మార్చొద్దు. ఎందుకంటే చదివేవాళ్లు మొదటి వాక్యంలోనే జవాబు కోసం వెతుకుతారు. అది అక్కడే దొరికితే మిగతాది తేలికగా చదివేస్తారు.

మొదటి వాక్యంలో ఇంకో సంగతి కూడా ఉంది. టీమ్‌లో కొందరిని ఉంచి కొందరిని తీసేస్తే, చదివేవాళ్లకి సహజంగా వచ్చే ప్రశ్న "మరి నిన్నే ఎందుకు?" అని. 22 మందిలో 9 మంది అని మాత్రమే రాసి ఉంటే ఆ ప్రశ్న అలాగే మిగిలిపోయేది. "పూర్తిగా దానికే పనిచేస్తున్న 9 మంది" అనడంతో జవాబు వచ్చేసింది. ఎంపిక మనిషిని బట్టి కాదు, పనిని బట్టి జరిగిందని అర్థమైపోయింది.

అయితే ఆ కారణం మీకు కచ్చితంగా తెలిస్తేనే రాయాలి. కంపెనీ ఏమీ చెప్పకపోతే ఊహించి రాయొద్దు. "టీమ్‌లో 9 పోస్టులు తగ్గించారు, అందులో నాది ఒకటి" అని ఆపేయండి. కంపెనీ బహిరంగంగా ప్రకటన చేసి ఉంటే "ఫలానా నెలలో కంపెనీ ప్రకటించిన ఉద్యోగాల తగ్గింపులో భాగంగా" అంటే ఇంకా సులువు. హెచ్‌ఆర్ ఒక్క నిమిషంలో వెతికి చూసుకుంటారు.

ఖాళీ గురించిన వాక్యం నిజమైతేనే ఉంచండి. ఏమీ నేర్చుకోకపోతే నేర్చుకున్నట్టు రాయొద్దు. తర్వాతి రౌండ్‌లో అడిగే మొదటి ప్రశ్న దాని మీదే ఉంటుంది. ఇంట్లో ఎవరికైనా బాగోలేక చూసుకుంటే "కుటుంబ బాధ్యతలు ఉన్నాయి, ఇప్పుడు తీరాయి" అంటే చాలు.

కోపం ఎక్కడ దాక్కుంటుంది?

తిట్లు ఎవరూ రాయరు. కోపం చిన్న చిన్న మాటల్లో దాక్కుంటుంది. "ఒక్కసారిగా", "కనీసం", "దురదృష్టవశాత్తూ", "అయినా కూడా", "మాత్రం" లాంటి మాటలు ఇవీ. "కనీసం ఫోన్ కూడా చేయలేదు" అనే వాక్యంలో ఫోన్ చేయలేదన్నది సమాచారం. "కనీసం" అన్నది కోపం. ఆ ఒక్క మాట తీసేసి చూడండి, వాక్యం అసలు అవసరమే లేదని తేలిపోతుంది.

మెయిల్ పంపేముందు ఇలా చెక్ చేసుకోవచ్చు. ప్రతి వాక్యం కింద "దీనికి కాగితం చూపించగలనా?" అని అడగండి. ప్రాజెక్ట్ ముగిసిందన్నదానికి, చివరి తేదీకి, చేసిన పనికి ఏదో ఒక ఆధారం ఉంటుంది. మేనేజర్‌కి ఎవరు దగ్గర అన్నదానికి ఉండదు. ఆధారం లేని వాక్యాల్లోనే ఎక్కువగా కోపం ఉంటుంది.

ఇంకో పద్ధతి కూడా ఉంది. విషయం తెలియని స్నేహితుడికో, ఇంట్లో అక్కకో చూపించి "ఏం జరిగిందో ఒక్క ముక్కలో చెప్పు" అనండి. "ప్రాజెక్ట్ ఆగిపోయిందట" అంటే మెయిల్ బాగున్నట్టు. "పాపం, నీకు అన్యాయం చేశారు" అంటే మళ్లీ రాయాలి.

ఇక్కడ రెండో తప్పు కూడా జరుగుతుంది. కోపం కనిపించకూడదని కొందరు పాత కంపెనీని తెగ పొగిడేస్తారు. "అంత గొప్ప కంపెనీలో పనిచేయడం నా అదృష్టం" అని రాస్తే అది కూడా నమ్మేలా ఉండదు. తీసేసిన కంపెనీ గురించి పొగడ్తా వద్దు, తెగడ్తా వద్దు. విషయం చెప్పి ముందుకెళ్లిపోవడమే.

కాగితాల్లో 'రిజైన్ చేశారు' అని ఉంటే?

మన దగ్గర అసలు చిక్కు ఇదే. చాలా చోట్ల ఉద్యోగం తీసేస్తున్నట్టు లెటర్ ఇవ్వరు. మీటింగ్‌కి పిలిచి, రిజిగ్నేషన్ పెట్టమంటారు. తర్వాత వచ్చే రిలీవింగ్ లెటర్‌లో "మీ రాజీనామాను ఆమోదించాం" అని ఉంటుంది. ఇప్పుడు మెయిల్‌లో "లేఆఫ్" అని రాస్తే లెటర్‌తో కుదరదు. "మంచి అవకాశాల కోసం మానేశాను" అని రాస్తే నిజం కాదు. పైగా చేతిలో ఇంకో ఉద్యోగం లేకుండా మంచి అవకాశం కోసం ఎలా మానేశారన్న ప్రశ్న వస్తుంది.

దీనికి దారి రెండింటినీ ఒకే వాక్యంలో చెప్పడం. "రీస్ట్రక్చరింగ్‌లో నా పోస్టు తీసేస్తున్నట్టు కంపెనీ తెలిపింది, వాళ్ల సూచన మేరకు రిజిగ్నేషన్ ఇచ్చి జూన్ 30న రిలీవ్ అయ్యాను, అందుకే లెటర్‌లో రిజిగ్నేషన్ అని ఉంటుంది" అని రాస్తే సరిపోతుంది. ముందే చెప్పేశారు కాబట్టి రేపు వెరిఫికేషన్‌లో లెటర్ చూసినా ఎవరూ ఆశ్చర్యపోరు. "బలవంతంగా రాయించుకున్నారు" అనే మాట ఇక్కడ వద్దు. నిజంగానే బలవంతం జరిగి, దాని మీద లేబర్ ఆఫీసులో ఫిర్యాదు చేయాలనుకుంటే అది వేరే దారి. ఆ పని లాయర్‌ని అడిగి చేయాలి. ఉద్యోగం కోసం రాసే మెయిల్‌లో కాదు.

తేదీల విషయంలో కూడా జాగ్రత్త అవసరం. ఆఫీసుకి వెళ్లిన చివరి రోజు ఒకటి, లెటర్‌లో ఉన్న రిలీవింగ్ తేదీ ఇంకొకటి కావచ్చు. నోటీస్ పీరియడ్ మొత్తం ఇంట్లోనే ఉండమని జీతం ఇచ్చిన కంపెనీల్లో ఈ తేడా నెలల్లో కూడా ఉంటుంది. మెయిల్‌లో రాయాల్సింది లెటర్‌లో ఉన్న తేదీనే.

పీఎఫ్ ఖాతా కూడా ఒకసారి చూసుకోండి. ఈపీఎఫ్‌ఓ మెంబర్ పోర్టల్‌లో View కింద Service History తెరిస్తే ఏ కంపెనీలో ఎప్పుడు చేరారు, ఎప్పుడు బయటికొచ్చారు అన్నది కనిపిస్తుంది. వెరిఫికేషన్‌లో దీన్ని కూడా అడుగుతుంటారు. పాత కంపెనీ ఎగ్జిట్ తేదీ వేయకపోతే, మీరు ఇంకా అక్కడే పనిచేస్తున్నట్టు కనిపిస్తుంది. చివరి పీఎఫ్ జమ అయిన రెండు నెలల తర్వాత ఉద్యోగి తానే Mark Exit ద్వారా ఆ తేదీ వేసుకునే వీలుంది. అప్పుడు కూడా రిలీవింగ్ లెటర్‌లో ఉన్న తేదీనే వేయాలి.

వీలైతే పాత కంపెనీ హెచ్‌ఆర్‌ని ఇంకో మాట కూడా అడిగి ఉంచుకోండి. వెరిఫికేషన్‌కి ఫోన్ వస్తే బయటికెళ్లిన కారణం కింద ఏం చెప్తారు అని. మళ్లీ ఉద్యోగంలోకి తీసుకుంటారా అన్న ప్రశ్న కూడా ఆ ఫారాల్లో ఉంటుంది. వాళ్లు చెప్పే మాటే మీ మెయిల్‌లోనూ ఉంటే ఇబ్బంది రాదు.

పనితీరు బాలేదని తీసేస్తే?

ఇది కొంచెం కష్టమైన కేసు. 2025 ఆరంభంలో మెటా దాదాపు 5 శాతం ఉద్యోగులను తగ్గించినప్పుడు, పనితీరు తక్కువగా ఉన్నవాళ్లనే తీసేస్తున్నామని బహిరంగంగానే చెప్పింది. తమ రివ్యూలు బాగానే ఉన్నాయని అందులో కొందరు తర్వాత చెప్పుకున్నారు. ఇలాంటప్పుడు కంపెనీ పేరు చూడగానే చదివేవాళ్లకి అనుమానం వస్తుంది.

రివ్యూ నిజంగా బాగుంటే ఒక్క వాక్యం కలపొచ్చు. "చివరి రివ్యూలో నా రేటింగ్ ఇది, లెటర్ కావాలంటే పంపగలను" అని. వాదన అక్కర్లేదు. ఇక్కడ రేటింగ్ మాట సంజాయిషీలా ఉండదు, ఎందుకంటే కారణం ముందే చెప్పేశారు, ఆధారం కూడా ఇస్తామంటున్నారు.

కానీ పనితీరు మెరుగుపరుచుకోవాలని నోటీస్ ఇచ్చి, ఆ గడువు తర్వాత పంపించేస్తే దాన్ని లేఆఫ్ అని రాయకూడదు. పాత కంపెనీ చెప్పే కారణంతో అది కుదరదు. ఆఫర్ వచ్చాక బయటపడితే ఆఫర్ కూడా పోవచ్చు. అలాంటప్పుడు "సేల్స్ టార్గెట్లు ఉన్న రోల్‌కి మారాను, అక్కడ అనుకున్న ఫలితం రాలేదు, కంపెనీ నేనూ విడిపోయాం, ఇప్పుడు దరఖాస్తు చేస్తున్నది అంతకు ముందు మూడేళ్లు చేసిన సపోర్ట్ పనికే" అన్నట్టు, ఏది కుదరలేదో ఒక్క ముక్కలో చెప్పి, ఏది బాగా వచ్చో దానికి వెళ్లిపోవాలి.

ఇవి అస్సలు రాయొద్దు

బయటికొచ్చేటప్పుడు డబ్బు ఇచ్చి, దానికి బదులుగా ఒక అగ్రిమెంట్ మీద సంతకం పెట్టించుకునే కంపెనీలు ఉన్నాయి. కంపెనీ గురించి చెడుగా మాట్లాడకూడదని, లోపలి విషయాలు బయటపెట్టకూడదని అందులో ఉండొచ్చు. అందుకే మెయిల్ రాసేముందు ఆ కాగితం ఒకసారి చదవండి. క్లయింట్ పేరు, ఎంత మందిని తీసేశారన్న సంఖ్య బయటికి రాకూడదని ఉంటే, "ఒక పేమెంట్స్ క్లయింట్", "టీమ్‌లో కొన్ని పోస్టులు" అంటే సరిపోతుంది. వచ్చిన డబ్బు ఎంత అన్నది మాత్రం ఎవరికీ రాయక్కర్లేదు.

అమెరికాలో ఉన్నవాళ్లకి

హెచ్‌1బీ మీద ఉన్న తెలుగువాళ్లకి ఇంకో ఒత్తిడి ఉంటుంది. ఉద్యోగం పోయాక వాళ్లకి గరిష్ఠంగా 60 రోజుల గడువు ఉంటుంది. ఐ94 గడువు అంతకంటే ముందే ముగిస్తే అప్పటిదాకానే. ఈ కంగారులో చాలామంది లేఆఫ్ కారణం, వీసా గడువు రెండూ ఒకే పేరాలో రాసేస్తారు. వాటిని విడదీయండి. కారణం నాలుగు వాక్యాల్లో పైన చెప్పినట్టే రాయాలి. కింద వేరే లైన్‌లో "హెచ్‌1బీ ట్రాన్స్‌ఫర్ అవసరం, ఫలానా తేదీలోగా పిటిషన్ ఫైల్ కావాలి" అని తేదీతో సహా రాయాలి. అది హెచ్‌ఆర్‌కి బతిమాలుకోవడంలా కాకుండా, పని ఎప్పటికి పూర్తి చేయాలో చెప్పే సమాచారంలా అందుతుంది.

అసలు మెయిల్ అవసరమేనా?

ప్రతిసారీ అక్కర్లేదు. ఇంటర్వ్యూలోనే అడిగారు, చెప్పారు, వాళ్లు తల ఊపి వేరే ప్రశ్నకి వెళ్లిపోయారంటే ఆ విషయం అక్కడితో అయిపోయింది. థ్యాంక్స్ మెయిల్‌లో మళ్లీ దాన్ని తవ్వితే, లేని అనుమానం పుట్టించినట్టవుతుంది. రాయాల్సింది రెండు సందర్భాల్లోనే. హెచ్‌ఆర్ రాసి పంపమని అడిగినప్పుడు, లేదా ఇంటర్వ్యూలో తడబడి తేదీయో కారణమో తప్పుగా చెప్పినప్పుడు. రెండోది అయితే ఒక్క రోజులోపే పంపాలి. "నిన్న జులై అన్నాను, రిలీవింగ్ తేదీ జూన్ 30" అని సరిదిద్ది, కింద ఆ నాలుగు వాక్యాలు పెట్టాలి.

పంపాక హెచ్‌ఆర్ ఇంకో ప్రశ్న అడిగితే దానికి మాత్రమే జవాబివ్వండి. "ఎన్ని పోస్టులు తీశారు?" అంటే సంఖ్య. "లెటర్ ఉందా?" అంటే లెటర్. మొదటి మెయిల్‌లోంచి తీసేసిన వాక్యాలకు అక్కడ కూడా చోటు లేదు.